ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లు ఎందుకు: కత్తి పడ్డాక మొదలయ్యే రియాక్షన్

ప్రశ్న: ఉల్లిపాయలు కోస్తుంటే కళ్ళలో నీళ్లు ఎందుకు వస్తాయి? ఏ కెమికల్ రియాక్షన్ వల్ల? అదే ఉల్లిపాయ ఉడికాక కోస్తే ఏమీ కాదు, ఎందుకని? ఫ్రిజ్‌లో పెట్టి కోస్తే మంట ఉండదంటారు, నిజమేనా?

కోయని ఉల్లిపాయలో కళ్ళు మండించే పదార్థం దాదాపు ఉండదండీ. మీరు కోసినప్పుడే అది తయారవుతుంది. కణాలు చిట్లగానే లోపల విడివిడిగా ఉన్న ఎంజైములు, గంధకం ఉన్న ఒక అమైనో ఆమ్లం కలుస్తాయి, రెండు మెట్లలో ఒక గ్యాస్ పుడుతుంది. దాని పేరు ప్రొపేన్‌థయాల్ ఎస్-ఆక్సైడ్. అది గాల్లోకి లేచి కంటి ఉపరితలాన్ని తాకితే అక్కడి నాడులు మెదడుకు చెబుతాయి, మెదడు కన్నీటి గ్రంథులకు చెబుతుంది, నీళ్లు కారతాయి. ఉడికితే ఎంజైములు చచ్చిపోతాయి కాబట్టి గ్యాస్ పుట్టదు. ఫ్రిజ్ సంగతి సగం నిజం, దాని గురించి కింద చెబుతాను.

నేను గుజరాత్‌లోని మహువా దగ్గర ఉల్లిపాయలు ఎండబెట్టి రేకులు, పొడి తయారుచేసే యూనిట్‌లో, క్వాలిటీ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పని చేశాను. లోడు వచ్చిన ప్రతిసారీ ఆ ఉల్లికి ఘాటు ఎంత ఉందో కొలవడమే మా పని. అంటే మీరు అడిగిన రియాక్షన్‌నే రోజూ కొలిచేవాళ్ళం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటి మెట్టు

ఉల్లి మొక్క నేలలోని సల్ఫేటును వేళ్ళతో పీల్చుకుని, అందులోని గంధకాన్ని కొన్ని అమైనో ఆమ్లాల రూపంలో గడ్డలో దాచుకుంటుంది. అందులో మనకు కావలసింది ఐసోఅల్లీన్. దానికి వాసన లేదు, కంటికి ఏ హానీ చేయదు. ఇది కణంలోని ద్రవంలో ఉంటుంది. దాన్ని ముక్కలు చేసే ఎంజైమ్ పేరు అల్లీనేజ్. అది అదే కణంలో రిక్తిక అనే సంచిలో బంధించి ఉంటుంది. మధ్యలో పల్చటి పొర ఉన్నంతకాలం రెండూ కలవవు, అందుకే గోనెసంచిలో నెలల తరబడి ఉన్న ఉల్లిపాయల పక్కన కూర్చున్నా కళ్ళు మండవు. కత్తి, పురుగు పళ్ళు, రోకలి దెబ్బ, ఏదైనా సరే ఆ పొరను చింపితే క్షణాల్లో రెండూ కలిసిపోతాయి. మొక్కకు ఇది తనను తినడానికి వచ్చేవాటి మీద రక్షణ, మన వంటింట్లో అది మన మీద పనిచేస్తోంది, అంతే.

అల్లీనేజ్ ఐసోఅల్లీన్‌ను విరిస్తే మూడు పదార్థాలు మిగులుతాయి. సమీకరణం రాస్తే ఇలా ఉంటుంది:

C6H11NO3S + H2O → C3H6OS + C3H4O3 + NH3

కుడివైపు మొదటిది 1-ప్రొపీన్‌సల్ఫెనిక్ ఆమ్లం, రెండోది పైరువిక్ ఆమ్లం, మూడోది అమ్మోనియా. కళ్ళు మండించేది వీటిలో ఏదీ కాదు. సల్ఫెనిక్ ఆమ్లం చాలా అస్థిరమైనది, పుట్టిన క్షణం నుంచే ఇంకోటిగా మారాలని చూస్తుంది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

రెండో మెట్టు, 2002 దాకా ఎవరికీ కనిపించనిది

ఉల్లి కెమిస్ట్రీ మీద ఫిన్లాండ్‌లో ఆర్తురి విర్తానెన్ గారి బృందం 1960ల నాటికే మంచి పని చేసింది. ఆయన 1945లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్నవారు. కన్నీరు తెప్పించే పదార్థానికి మూలం ఐసోఅల్లీన్ అని అప్పుడే తేలింది. ఆ తర్వాత నలభై ఏళ్ళ దాకా అందరూ నమ్మినదేమిటంటే, అల్లీనేజ్ విరిచిన వెంటనే ఆ సల్ఫెనిక్ ఆమ్లం తనంతట తానే, ఎవరి సాయం లేకుండా, కన్నీటి గ్యాస్‌గా మారిపోతుందని. పాత పాఠ్యపుస్తకాల్లో, ఇంకా చాలా వెబ్‌సైట్లలో ఇప్పటికీ అలాగే రాసి ఉంటుంది.

జపాన్‌లో కూర మసాలాలు, సాస్‌లు తయారుచేసే హౌస్ ఫుడ్స్ సంస్థలో షిన్సుకే ఇమాయి బృందానికి ఇక్కడ ఒక తేడా కనిపించింది. ఉల్లి నుంచి శుద్ధి చేయకుండా తీసిన ఎంజైమ్ ద్రవాన్ని ఐసోఅల్లీన్‌తో కలిపితే కన్నీటి గ్యాస్ వచ్చింది. అదే ఐసోఅల్లీన్‌ను వెల్లుల్లి అల్లీనేజ్‌తో కలిపితే పైరువిక్ ఆమ్లం వచ్చింది, ఘాటు వాసన ఇచ్చే గంధకం పదార్థాలూ వచ్చాయి, కన్నీటి గ్యాస్ మాత్రం రాలేదు. తనంతట తానే మారేదైతే వెల్లుల్లి ఎంజైమ్‌తోనూ రావాలి కదా! అంటే ఉల్లి ద్రవంలో ఇంకేదో ఉంది. వెతికితే రెండో ఎంజైమ్ దొరికింది, దానికి లాక్రిమేటరీ ఫ్యాక్టర్ సింథేజ్ అని పేరు పెట్టారు, అంటే కన్నీటి పదార్థాన్ని తయారుచేసేది అని అర్థం. 2002లో నేచర్ పత్రికలో అచ్చయింది. ఈ పనికే 2013లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వు తెప్పించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

ఆ రెండో ఎంజైమ్ చేసే పని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అది అణువులోంచి ఏమీ తీయదు, ఏమీ కలపదు. C3H6OS అనే ఫార్ములా ముందూ అదే, తర్వాతా అదే. లోపలి అమరికను మాత్రం మారుస్తుంది:

CH3–CH=CH–S–OH → CH3–CH2–CH=S=O

ఒక హైడ్రోజన్ జాగా మారింది, బంధాలు సర్దుకున్నాయి. ఎడమవైపుది కంటికి చేరే లోపే పక్కదానితో కలిసిపోయే అస్థిర ఆమ్లం, కుడివైపుది సులువుగా ఆవిరై కంటిదాకా ఎగిరి వచ్చే పదార్థం.

వెల్లుల్లి ఎంత దంచినా కళ్ళు ఇలా కారకపోవడానికి కారణం కూడా ఇదే. దానిలో ఉండే ముఖ్యమైన గంధకం పదార్థం అల్లీన్, అది ఐసోఅల్లీన్‌కి దగ్గరి బంధువే కానీ ద్వంద్వ బంధం ఉన్న చోటు వేరు. అది విరిగితే అల్లిసిన్ తయారవుతుంది, వెల్లుల్లి వాసన దానిదే. కన్నీటి గ్యాస్‌గా మార్చే ఆ రెండో ఎంజైమ్ వెల్లుల్లిలో లేదు.

ల్యాబ్‌లో మేం కొలిచే తీరు

కన్నీటి గ్యాస్‌ను నేరుగా కొలవడం కష్టం, అది నిలవదు. అందుకని దానితో పాటు పుట్టే పైరువిక్ ఆమ్లాన్ని కొలుస్తాం. ఎన్ని ఐసోఅల్లీన్ అణువులు విరిగితే అన్ని పైరువిక్ ఆమ్లం అణువులు వస్తాయి, పైన సమీకరణంలో చూశారు కదా. ఇలాంటి మిగతా గంధకం అమైనో ఆమ్లాలు విరిగినా అదే వస్తుంది, కాబట్టి ఆ సంఖ్య మొత్తం ఘాటుకు గుర్తు. ఈ పద్ధతిని 1961లో ష్విమ్మర్, వెస్టన్ అనేవాళ్ళు ప్రచురించారు, ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది.

పచ్చి ఉల్లిని రుబ్బి రసం తీసి, రియాక్షన్ పూర్తయ్యేదాకా కొన్ని నిమిషాలు అలాగే ఉంచుతాం. తర్వాత ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం వేస్తే ఎంజైములు ఆగిపోతాయి. రంగు తెప్పించే రసాయనం కలిపి, క్షారం పోసి, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో మెషీన్‌లో చూస్తాం. అయితే ఉల్లి కణాల్లో కోయకముందే కొంత పైరువిక్ ఆమ్లం ఉంటుంది, అది ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఉండేదే. దాన్ని తీసేయాలి. అందుకని అదే లోడులోంచి ఇంకో ఉల్లిపాయను కోయకుండా, పూర్తిగా వేడి చేసి, ఎంజైములు చచ్చాక రుబ్బి కొలుస్తాం. మొదటి దానిలోంచి రెండోది తీసేస్తే మిగిలేదే ఘాటు.

లెక్క వేసి చూద్దాం. పచ్చి ఉల్లి గ్రాముకు 11 మైక్రోమోల్, వేడి చేసింది 3 అనుకోండి. ఘాటు 8, అంటే బాగా మండే ఉల్లి. ఇప్పుడు వేడి చేసేటప్పుడు తొందరపడి మధ్య భాగం సరిగ్గా ఉడకకుండానే తీసేశారనుకోండి. ఆ మధ్యలో ఎంజైములు బతికే ఉంటాయి, రుబ్బగానే పని చేస్తాయి, 3 రావలసింది 6 వస్తుంది. అప్పుడు 11లోంచి 6 పోతే 5. మండే ఉల్లి కాస్తా కాగితం మీద తీపి ఉల్లి అయిపోతుంది! అమెరికాలో తీపి ఉల్లి అని అమ్మేవి మామూలుగా 5 లోపు ఉంటాయి. ఈ పొరపాటును పట్టుకోవడానికి మెషీన్ అక్కర్లేదు, వేడి చేసిన ఉల్లిని రుబ్బగానే ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు. ఉడికిన తీపి వాసన వస్తే సరే, కొంచెం కూడా ఘాటు తగిలినా ఆ శాంపిల్ పారేయాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళకు నేను మొదట నేర్పేది ఇదే.

మీరు ఇంట్లోనే చూడొచ్చు. ఒకే రకం చిన్న ఉల్లిపాయలు రెండు తీసుకోండి. ఒకదాన్ని పొట్టుతోనే, ఎక్కడా కోయకుండా, మరిగే నీళ్ళలో వేసి మధ్యదాకా మెత్తబడే వరకు ఉడికించండి. చల్లారాక కోయండి. గంధకం అమైనో ఆమ్లం చాలావరకు లోపలే ఉన్నా, దాన్ని విరిచేవాడు లేడు కాబట్టి కళ్ళు మండవు, నోట్లో పెట్టుకుంటే ఘాటు ఉండదు. మధ్యలో కాస్త గట్టిగా ఉన్న చోట మాత్రం ఘాటు తగిలితే అక్కడిదాకా వేడి చేరలేదని అర్థం. ముందే కోసి ఉడికిస్తే ఈ పరీక్ష పనికిరాదు, ఎందుకంటే కోసిన క్షణంలోనే రియాక్షన్ జరిగిపోతుంది.

కంటిలో ఏం జరుగుతుంది

కార్నియా, అంటే కంటి ముందున్న పారదర్శక పొర, ఒంట్లో నొప్పి నాడులు బాగా దట్టంగా ఉన్న చోట్లలో ఒకటి. గ్యాస్ అక్కడి తడిలో కరిగి ఆ నాడుల కొసలను రెచ్చగొడుతుంది. కబురు ముఖానికి సంబంధించిన ఐదో కపాల నాడి ద్వారా మెదడు కాండానికి వెళ్తుంది, అక్కడి నుంచి కన్నీటి గ్రంథులకు ఆర్డర్ వస్తుంది. ఇందులో మన ఇష్టంతో పని లేదు, దుమ్ము పడితే నీళ్లు వచ్చినట్టే. వచ్చిన నీళ్లు ఆ పదార్థాన్ని కడిగేస్తాయి.

కంటిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారై కాల్చేస్తుందని చాలా చోట్ల చదివి భయపడేవాళ్ళున్నారు. ఆ గ్యాస్ నీటితో కలిసి విడిపోయే మాట నిజమే కానీ, వంటింటి మోతాదుల్లో కన్ను కాలిపోయేంత ఆమ్లం తయారవ్వడం అనేది జరగదు. మంట నాడుల హెచ్చరిక, గాయం కాదు. కాసేపటికి తగ్గిపోతుంది. రసం అంటిన చేతులతో కళ్ళు నలిపితే మాత్రం గ్యాస్ బదులు రసమే నేరుగా పెట్టినట్టవుతుంది, అది మానండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్ళకు మంట తక్కువ అనిపించడానికి కారణం కార్నియా మీద మూత ఉండటమే. మామూలు కళ్ళజోడు పెద్దగా కాపాడదు, గ్యాస్ కింద నుంచి, పక్క నుంచి వస్తుంది. కత్తిపీట ముందు కూర్చుని వంగి తరిగేవాళ్ళకు మంట ఎక్కువగా తగలడం కూడా ఇందుకే, ముఖం సరిగ్గా ఉల్లిపాయ పైన ఉంటుంది.

ఫ్రిజ్, కత్తి, ఫ్యాన్

చల్లదనం వల్ల ఎంజైముల వేగం తగ్గుతుంది, గ్యాస్ ఆవిరయ్యే వేగమూ తగ్గుతుంది. ఈ లెక్కన ఫ్రిజ్‌లో అరగంట పెట్టి కోస్తే మంట కొంత తగ్గాలి, చాలామందికి తగ్గుతుంది కూడా. అయితే 2025లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్ళు హైస్పీడ్ కెమెరాలతో ఉల్లిపాయ కోయడాన్ని చూశారు. గ్యాస్ ఒక్కటే కాదు, కత్తి దిగేటప్పుడు రసం సన్నటి తుంపరలుగా పైకి ఎగురుతుందని, మొద్దు కత్తితో, వేగంగా కోస్తే ఆ తుంపరలు ఎక్కువవుతాయని తేలింది. పదును లేని కత్తి పొరను వెంటనే కోయలేక లోపలికి నొక్కుతుంది, లోపల ఒత్తిడి పెరిగి ఒక్కసారిగా చిట్లుతుంది. వాళ్ళ కొలతల్లో చల్లబరిచిన ఉల్లి నుంచి తుంపరలు తగ్గకపోగా పెరిగాయి. అందుకే ఫ్రిజ్ సంగతి సగం నిజం అన్నాను. పైగా ఆ ముక్కలు గది వేడికి వచ్చేకొద్దీ రియాక్షన్ మళ్ళీ ఊపందుకుంటుంది, ఒకటి రెండు ఉల్లిపాయలకైతే పర్లేదు, పెళ్ళి వంటకు బస్తా తరగాలంటే ఫ్రిజ్ మీద ఆశ పెట్టుకోవద్దు.

నన్నడిగితే ముందు కత్తికి పదును పెట్టించండి, లాగి నెమ్మదిగా కోయండి, నొక్కొద్దు. పదునైన కత్తికి చిట్లే కణాలు తక్కువ, అంటే కలిసే ఎంజైమ్ కూడా తక్కువ. తర్వాత గాలి. టేబుల్ ఫ్యాన్‌ను మీ పక్కన పెట్టి గాలి ఉల్లి మీదుగా అవతలికి పోయేలా తిప్పండి. ఎదురుగా పెడితే గ్యాస్ మొత్తం మీ ముఖం మీదికే వస్తుంది, నెత్తి మీది సీలింగ్ ఫ్యాన్ కూడా అంతగా ఉపయోగపడదు. కోసిన ముక్కలను నీళ్ళ గిన్నెలో వేస్తే గ్యాస్ అందులో కరిగిపోతుంది, కానీ ఘాటులో కొంత ఆ నీళ్ళతో పోతుంది. పెరుగు చట్నీకి మంచిదే, మసాలాకి నష్టం. గ్యాస్ కోసిన అర నిమిషంలోపే బాగా ఎక్కువగా వస్తుంది, అందుకని సగాలుగా కోసి, కోసిన ముఖాన్ని పలక మీద బోర్లించి పెట్టుకోండి. వేళ్ళున్న అడుగు భాగంలో, లోపలి పొరల్లో ఘాటు ఎక్కువ కాబట్టి అడుగును చివరిదాకా కోయకుండా ఉంచండి. నోట్లో అగ్గిపుల్ల, బ్రెడ్ ముక్క పెట్టుకోవడం లాంటివి గ్యాస్‌ను ఏమీ చేయలేవు.

కొన్ని ఉల్లిపాయలే ఎందుకు ఎక్కువ ఏడిపిస్తాయి

రకం ఒక కారణం, నేల ఇంకో కారణం. గంధకం లేకుండా ఐసోఅల్లీన్ తయారు కాదు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పండే విడాలియా ఉల్లి తియ్యగా ఉండటానికి అక్కడి నేలలో గంధకం తక్కువ కావడం పెద్ద కారణం, అదే రకాన్ని గంధకం ఉన్న నేలలో వేస్తే ఘాటు పెరుగుతుంది. మన దగ్గర కర్నూలు వైపు రైతులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేస్తే భాస్వరంతో పాటు గంధకం కూడా పడుతుంది, డీఏపీలో అది దాదాపు ఉండదు. నీళ్లు తక్కువై, ఎండ బాగా కాసిన పంట ఇంకా ఘాటెక్కుతుంది. పొడి తయారీకి మాకు అలాంటి ఉల్లే కావాలి, ఎండబెట్టేటప్పుడు వేడి మరీ పెంచకపోవడం కూడా అందుకే. ఎంజైములు కొంతైనా బతికి ఉంటే, మీ ఇంట్లో పొడికి నీళ్లు తగిలినప్పుడు మళ్ళీ ఆ ఘాటు వస్తుంది.

చివరిగా, ఏడిపించని ఉల్లి గురించి కూడా కొందరు అడుగుతుంటారు. రెండు దారులున్నాయి. మొదటి ఎంజైమ్‌ను తగ్గించడం ఒకటి, జపాన్‌లో హౌస్ ఫుడ్స్ వాళ్ళే 2015లో అలాంటి ఉల్లిని ప్రకటించారు. దానిలో అల్లీనేజ్ చాలా తక్కువ కాబట్టి కన్నీళ్లతో పాటు ఘాటు కూడా పోయింది, పచ్చిగా పండులా తినొచ్చు. రెండో ఎంజైమ్‌ను మాత్రమే ఆపడం ఇంకో దారి. న్యూజిలాండ్‌లో కాలిన్ ఈడీ బృందం 2008లో జన్యు పద్ధతిలో దాన్ని చేసి చూపించింది. అప్పుడు సల్ఫెనిక్ ఆమ్లం పుడుతుంది కానీ కన్నీటి గ్యాస్‌గా మారలేదు, వెల్లుల్లిలో జరిగినట్టు రుచి, వాసన ఇచ్చే పదార్థాల వైపు వెళ్తుంది. మన కూరలకు, పచ్చి ఉల్లి నంజుకోవడానికి పనికొచ్చేది ఈ రెండో రకమే అని నా అభిప్రాయం. కన్నీళ్లు పోయినా తాలింపులో వాసన పోని ఉల్లి కావాలంటే ఆపాల్సింది రెండో మెట్టునే, మొదటిదాన్ని కాదు.